0.6 పీపీఎం గీత దగ్గర: మట్టి పరీక్ష ప్రయోగశాలలో జింకు ఫలితాన్ని నమ్మదగినదిగా చేసే పద్ధతి

వరి పొలం మట్టిలో, లోహాలను పట్టి లాగే డీటీపీఏ అనే రసాయనం వాడే పద్ధతిలో జింకు 0.6 పీపీఎం కంటే తక్కువగా తేలితే ఆ నేలకు జింకు లోపం ఉన్నట్లు రాస్తాము. ఆ ఒక్క అంకెను చూసి రైతు ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు కొనవచ్చు, లేదా కొనకుండా ఊరుకోవచ్చు. 0.56 రావలసిన చోట 0.66 వస్తే సలహా తలకిందులవుతుంది. అయినా ఆ 0.10 తేడాను కంటితో చూసి పట్టుకోవడం ఎవరికీ సాధ్యం కాదు, ఎందుకంటే రెండు అంకెలూ చూడటానికి సహజంగానే ఉంటాయి. తప్పు ఫలితం తాను తప్పునని చెప్పుకోదు కాబట్టి, దానితో ఆ మాట చెప్పించడానికి ప్రతి బ్యాచ్‌లో నమూనాల మధ్యనే బ్లాంకులు, డూప్లికేట్లు, జింకు విలువ ముందే తెలిసిన రిఫరెన్స్ మట్టి పెట్టాలి, ఎంత తక్కువ అంకె వరకు కొలవగలమో చెప్పే గుర్తింపు పరిమితిని ముందుగానే లెక్కగట్టి ఉంచుకోవాలి. ఈ వ్యాసం వాటిని ఎలా పెట్టాలో, వచ్చిన అంకెలను కలిపి ఎలా చదవాలో జింకు ఉదాహరణతోనే వివరిస్తుంది. జింకును ఎంచుకోవడానికి కారణం ఉంది. సూక్ష్మపోషకాలలో ప్రయోగశాల వస్తువుల నుంచి అతి తేలికగా నమూనాలోకి చేరేది జింకే.

పద్ధతిలో తప్పు దూరే చోట్లు

1978లో లిండ్సే, నార్వెల్ అనే శాస్త్రవేత్తలు ప్రకటించిన ఈ పద్ధతిలో 10 గ్రాముల మట్టికి 20 మిల్లీలీటర్ల డీటీపీఏ ద్రావణం పోసి, సరిగ్గా 2 గంటలు షేకర్ మీద ఊపి, వాట్‌మన్ 42 కాగితంతో వడగట్టి, వచ్చిన వడపోత ద్రావణాన్ని అటామిక్ అబ్సార్ప్షన్ యంత్రంలో 213.9 నానోమీటర్ల దగ్గర చదువుతారు. ద్రావణం లీటరుకు 1.967 గ్రాముల డీటీపీఏ, 1.47 గ్రాముల కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్, 14.92 గ్రాముల ట్రైఇథనాలమైన్‌తో తయారై, హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో పీహెచ్ 7.30కి సరిచేసినదై ఉండాలి. మట్టికి రెండింతల ద్రావణం పోస్తున్నాము కనుక యంత్రం చూపిన అంకెను 2తో గుణిస్తే మట్టిలోని పీపీఎం వస్తుంది. అంటే మనం పట్టించుకునే 0.6 పీపీఎం గీత యంత్రం దగ్గర లీటరుకు 0.30 మిల్లీగ్రాములు మాత్రమే. ద్రావణంలో ఎక్కడి నుంచో లీటరుకు చేరిన 0.05 మిల్లీగ్రాములు మట్టి లెక్కలో 0.10 పీపీఎం అవుతుందని ఎప్పుడూ గుర్తుంచుకోండి.

ఈ పద్ధతికి మరొక స్వభావం ఉంది. 2 గంటల్లో మట్టికి, ద్రావణానికి మధ్య సమతుల్యత ఏర్పడదు. జింకు ఇంకా కరుగుతూ ఉండగానే మనం వడగడుతున్నాము. అందువల్ల ఊపిన సమయం, షేకర్ వేగం, గది ఉష్ణోగ్రత, మట్టిని ఎంత మెత్తగా నూరారన్నది, ఇవన్నీ ఫలితాన్ని మారుస్తాయి. కలుషితం వల్ల వచ్చే తప్పు ఒక రకం, ఇలా కరగడంలో తేడా వల్ల వచ్చే తప్పు మరొక రకం. మొదటిదాన్ని బ్లాంకు పట్టుకుంటుంది. రెండవదాన్ని అది ఎప్పటికీ పట్టుకోలేదు, ఎందుకంటే బ్లాంకులో మట్టి లేదు.

బ్యాచ్‌ను పేర్చడం

20 రైతు నమూనాలకు 26 సీసాల బ్యాచ్ పెట్టుకోండి. మొదటి సీసాలో బ్లాంకు, రెండవ సీసాలో తక్కువ జింకు ఉన్న రిఫరెన్స్ మట్టి, ఆ తరువాత పది నమూనాలు, మధ్యలో ఎక్కువ జింకు ఉన్న రిఫరెన్స్ మట్టి, తరువాత మిగిలిన పది నమూనాలు, వాటి వెనుక రెండు నమూనాల డూప్లికేట్లు, చివరి సీసాలో రెండవ బ్లాంకు పెట్టాలి. బ్లాంకు ముందూ వెనుకా ఉంటే రోజు గడిచేకొద్దీ పెరిగే కలుషితం, యంత్రపు జారుడు రెండూ కనబడతాయి. డూప్లికేటును మూల నమూనా పక్కనే పెట్టవద్దు. పక్క పక్క సీసాలు ఒకే నిమిషంలో, ఒకే చేతితో నడుస్తాయి కాబట్టి అవి ఒకదానితో ఒకటి సరిపోవడంలో పెద్ద విశేషం ఉండదు. వీలైతే డూప్లికేటుకు వేరే నంబరు వేసి, తూచే వ్యక్తికి అది ఏ నమూనాకు జతో తెలియకుండా ఉంచండి.

బ్లాంకు పెట్టడం, చదవడం

బ్లాంకు అంటే మట్టి తప్ప మిగిలినదంతా ఉన్న సీసా. 20 మిల్లీలీటర్ల డీటీపీఏ ద్రావణాన్ని అదే రకం సీసాలో పోసి, అదే మూత పెట్టి, మిగిలిన సీసాలతో పాటే 2 గంటలు ఊపి, అదే కాగితంతో వడగట్టాలి. కొందరు బీకరులోని తాజా ద్రావణాన్ని నేరుగా యంత్రానికి చూపించి దానినే బ్లాంకుగా రాసుకుంటారు. అది యంత్రానికి సున్నా గీత చూపించడానికి పనికి వస్తుంది గాని, సీసా, మూత, కాగితం, దుమ్ము గురించి ఏమీ చెప్పదు. ఈ రెండింటినీ వేర్వేరు పేర్లతో నోటుపుస్తకంలో రాసుకోవడం అవసరం.

ఇక్కడ ఒక పొరపాటు చాలా ప్రయోగశాలల్లో తెలియకుండానే జరుగుతుంది. వడగట్టిన బ్లాంకునే యంత్రానికి చూపించి సున్నా బొత్తాం నొక్కితే, ఆ రోజు చేరిన కలుషితం మొత్తం సున్నాలో కలిసిపోతుంది, రికార్డులో దాని జాడ మిగలదు. సున్నాను ఎప్పుడూ వేరుగా దాచిన తాజా డీటీపీఏ ద్రావణంతోనే పెట్టండి. ప్రమాణ ద్రావణాలను కూడా నీటితో కాక ఆ ద్రావణంతోనే తయారు చేయండి. బ్లాంకులను మాత్రం నమూనాల్లాగే చదివి, వచ్చిన అంకెను అది రుణాత్మకమైనా సరే వచ్చినట్లే రాయండి. ఇలా చేస్తే ద్రావణంలోనే ఉన్న జింకు సున్నాలో దాగిపోతుంది కాబట్టి, కొత్త ద్రావణం కలిపిన ప్రతిసారీ దానిని ఒకసారి డీఅయనైజ్డ్ నీటితో పోల్చి చదివి విడిగా రాసిపెట్టుకోవాలి.

పది వేర్వేరు రోజుల బ్లాంకులను సేకరిస్తే మీ ప్రయోగశాలకు మామూలు బ్లాంకు ఎంతో తెలుస్తుంది. ఉదాహరణకు లీటరుకు మిల్లీగ్రాముల్లో ఈ పది అంకెలు వచ్చాయనుకుందాం: 0.012, 0.018, 0.015, 0.010, 0.020, 0.014, 0.016, 0.011, 0.019, 0.015. వీటి సగటు 0.015, ప్రామాణిక విచలనం 0.0034. సగటుకు ఈ విచలనానికి మూడింతలు కలిపితే వచ్చే 0.025 దాటిన బ్లాంకు ఏ రోజు వచ్చినా దానిని మామూలు విషయంగా తీసుకోకూడదు.

అప్పుడు కారణాన్ని వెతకడానికి ఊహలు అక్కరలేదు, దారిని ముక్కలు చేస్తే సరిపోతుంది. తాజా ద్రావణాన్ని మూడు విధాలుగా నడపండి: కేవలం కాగితం మీదుగా వడగట్టినది ఒకటి, సీసాలో మూత పెట్టి 2 గంటలు ఊపి వడగట్టకుండా చదివినది రెండవది, రెండూ చేసినది మూడవది. ఒక్కొక్కటి మూడేసి సీసాలు పెట్టండి. మొదటిదానిలో జింకు పెరిగితే కాగితానిదో గరాటుదో తప్పు. వడపోతలో మొదట దిగిన కొన్ని మిల్లీలీటర్లను పారబోసి మిగిలినది పట్టుకుంటే అది చాలావరకు తగ్గుతుంది. రెండవదానిలో పెరిగితే సీసా, మూతల వైపు చూడాలి. రబ్బరు బిరడాలలో జింకు ఆక్సైడు ఉంటుంది, డీటీపీఏ దానిని చక్కగా లాగేస్తుంది. అందుకే ఈ పరీక్షకు పాలీఇథిలీన్ సీసాలు, పాలీఇథిలీన్ మూతలే వాడాలి. సీసాలను సబ్బుతో కడిగాక పలుచని నైట్రిక్ ఆమ్లంలో నానబెట్టి, డీఅయనైజ్డ్ నీటితో పలుమార్లు కడగాలి.

బ్లాంకుకు అందని జింకు కూడా ఉంది, అది మట్టితో పాటే లోపలికి వస్తుంది. గాల్వనైజ్డ్ గమేళాలో ఆరబెట్టిన మట్టి, ఇత్తడి జల్లెడలో జల్లించిన మట్టి, జింకు పూత ఉన్న ఆగరుతో తీసిన మట్టి తూనిక బల్ల దగ్గరకు వచ్చేసరికే కలుషితమై ఉంటాయి. దానిని పట్టుకోవాలంటే కడిగి ఆరబెట్టిన శుద్ధమైన క్వార్ట్జ్ ఇసుకను నమూనాలాగే గమేళాలో పోసి, నూరి, జల్లించి, ఆ ఇసుకతో మొత్తం పరీక్ష నడపాలి. మట్టి సిద్ధం చేసే గదిలో పరికరం ఏది మారినా ఈ ఇసుక బ్లాంకును తప్పక ఒకసారి నడపమని నా గట్టి సలహా.

డూప్లికేట్లు

డూప్లికేటు అంటే అదే సంచిలోని మట్టిని మళ్లీ తూచి, మరొక సీసాలో వేసి, మొదటి నుంచి చివరి వరకు విడిగా నడిపినది. ఒకే వడపోత ద్రావణాన్ని యంత్రానికి రెండుసార్లు చూపించడం డూప్లికేటు కాదు; అది యంత్రపు నిలకడను మాత్రమే చెబుతుంది. పొలంలోనే రెండు విడి నమూనాలు తీయించడం ఇంకొక ప్రశ్నకు జవాబు. దానిలో పొలం లోపలి హెచ్చుతగ్గులు కూడా కలిసి ఉంటాయి కాబట్టి దానితో ప్రయోగశాలను తూచకూడదు.

జంట అంకెల మధ్య తేడాను సగటుతో భాగించి శాతంగా రాయడం అలవాటు. కాని జింకు 0.10 పీపీఎం ఉన్న మట్టిలో 0.03 తేడా 30 శాతం అవుతుంది, 1.50 ఉన్న మట్టిలో అదే 0.03 తేడా 2 శాతమే అవుతుంది. కనుక తక్కువ జింకు ఉన్న మట్టులకు శాతాన్ని పక్కన పెట్టి, నేరుగా తేడానే చూడటం మంచిది. 0.6 గీత చుట్టుపక్కల ఉన్న నమూనాల డూప్లికేట్ తేడాలను 20 జతలైనా పోగుచేసి వాటి సగటు కనుక్కోండి. మన ఉదాహరణలో ఆ సగటు తేడా 0.03 పీపీఎం అనుకుందాం. దానిని 3.267తో గుణిస్తే వచ్చే 0.098 ఒక జతకు మీరు ఒప్పుకోగల గరిష్ఠ తేడా. ఈ 3.267 జతల కోసం గణాంకశాస్త్రం ఇచ్చిన స్థిరాంకం. అన్ని జతలూ ఒకే నిలకడతో వస్తూ ఉంటే దానిని దాటే జత బహు అరుదు.

అదే సగటు తేడాను 1.128తో భాగిస్తే ఒక్క కొలతకు ఉన్న ప్రామాణిక విచలనం వస్తుంది, ఇక్కడ సుమారు 0.027. ఈ అంకెను యంత్రం పక్కన గోడ మీద రాసిపెట్టుకోవాలి. దాని అర్థం ఇది: 0.62 అని వచ్చిన ఒక్క ఫలితం 0.6 గీతకు పైన ఉందని మనం నిజంగా చెప్పలేము. సుమారు రెండు విచలనాల దూరం, అంటే 0.54 నుంచి 0.66 వరకు పడిన ప్రతి నమూనాను మళ్లీ తూచి నడిపి, రెండింటి సగటునే నివేదికలో రాయడం న్యాయం. పని పెరుగుతుంది, నిజమే. కాని ఒక బ్యాచ్‌లో అలాంటి నమూనాలు మామూలుగా కొన్నే ఉంటాయి, సలహా తారుమారయ్యే ప్రమాదమంతా ఆ కొన్నింటి దగ్గరే ఉంటుంది.

డూప్లికేటు చెప్పలేనిది కూడా తెలిసి ఉండాలి. ద్రావణం పీహెచ్ 7.30కి బదులు 6.8 ఉంటే జంట అంకెలు రెండూ ఒకే దిశలో, ఒకే మేరకు తప్పుతాయి, వాటి మధ్య తేడా మాత్రం ముచ్చటగా 0.01 వస్తుంది. అక్కడ పనికి వచ్చేది రిఫరెన్స్ మట్టి ఒక్కటే.

రిఫరెన్స్ మట్టి తయారీ

ధ్రువీకరించిన రిఫరెన్స్ మట్టిని కొనేటప్పుడు పత్రంలో ఏ పద్ధతి విలువ రాసి ఉందో ముందు చదవండి. అలాంటి చాలా మట్టులకు ఇచ్చేది ఆమ్లాలతో పూర్తిగా కరిగించినప్పుడు వచ్చే మొత్తం జింకు. డీటీపీఏ లాగేది అందులో చిన్న భాగం మాత్రమే, ఆ రెండింటినీ పోల్చడానికి వీల్లేదు. డీటీపీఏ విలువ ఉన్న మట్టి దొరికితే దానిని ఏడాదికి కొన్నిసార్లు వాడండి. ప్రతి బ్యాచ్‌లోకి మాత్రం మీరే తయారు చేసుకున్న మట్టి కావాలి.

మీ జిల్లా నమూనాలకు దగ్గరగా ఉండే రెండు మట్టులు ఎంచుకోండి. ఎర్ర చల్కా నేల ఒకటి, నల్లరేగడి ఒకటి అయితే మన ప్రాంతాలకు బాగా సరిపోతుంది. వాటిలో ఒకదానిలో జింకు 0.6 గీతకు దగ్గరగా, రెండవదానిలో 1.5 దాటి ఉంటే మేలు. ఒక్కొక్కటి 25 కిలోలు తెచ్చి, ప్లాస్టిక్ పట్టా మీద నీడలో ఆరబెట్టి, చెక్క రోకలితో చిదిపి, 2 మిల్లీమీటర్ల నైలాను లేదా స్టెయిన్‌లెస్ స్టీలు జల్లెడలో జల్లించాలి. తరువాత మొత్తాన్ని కుప్ప పోసి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలను కలుపుతూ తిరిగి కుప్ప పోయడం పలుమార్లు చేయాలి. మట్టి సిద్ధమయ్యాక అరకిలో చొప్పున గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాల్లో నింపి నంబర్లు వేయండి.

ఆ డబ్బాలన్నీ ఒకేలా ఉన్నాయో లేదో చూడకుండా వాడకం మొదలు పెట్టవద్దు. వాటిలో పదింటిని యాదృచ్ఛికంగా తీసి, ఒక్కొక్క దాని నుంచి రెండేసి తూనికలు ఒకే బ్యాచ్‌లో నడపండి. డబ్బాల మధ్య తేడా ఒకే డబ్బాలోని జంట తేడాను స్పష్టంగా మించితే కలపడం సరిపోలేదని అర్థం. మళ్లీ అన్నింటినీ కుమ్మరించి కలపాలి.

విలువను నిర్ణయించడానికి 20 వేర్వేరు రోజుల్లో ఒక్కొక్కసారి నడపండి. ఒకే రోజు ఇరవై సీసాలు పెట్టి లెక్క ముగించడం తేలిక, కాని ఆ లెక్కలో వేరే రోజు కలిపిన ద్రావణం, వేరే రోజు గది వేడి, వేరే వ్యక్తి చేయి ఉండవు. అలా వచ్చిన పరిమితులు మరీ ఇరుకుగా ఉండి, ఆ తరువాత ప్రతి వారం అనవసరంగా గంట మోగిస్తాయి. కొన్నాళ్లకు సిబ్బంది ఆ గంటనే పట్టించుకోవడం మానేస్తారు, అది అన్నిటికంటే పెద్ద నష్టం. మన ఉదాహరణలో తక్కువ జింకు మట్టికి సగటు 0.54, విచలనం 0.03 వచ్చాయనుకుందాం. అప్పుడు 0.48 నుంచి 0.60 వరకు హెచ్చరిక పరిమితులు, 0.45 నుంచి 0.63 వరకు చర్య పరిమితులు. వీటిని అడ్డగీతలుగా గీసి, ప్రతి బ్యాచ్ అంకెను తేదీ వారీగా చుక్క పెట్టండి. 1924లో వాల్టర్ షూహార్ట్ కర్మాగారపు వస్తువుల కోసం రూపొందించిన పటమే ఇది, మట్టికీ అలాగే పనిచేస్తుంది.

ఒక్క చుక్క చర్య పరిమితి దాటితే బ్యాచ్‌ను ఆపాలి. వరుసగా మూడింటిలో రెండు చుక్కలు ఒకే వైపు హెచ్చరిక పరిమితి దాటినా ఆపాలి. పరిమితుల లోపలే ఉన్నా ఎనిమిది చుక్కలు వరుసగా సగటుకు ఒకే పక్కన పడితే, బ్యాచ్‌ను వెంటనే కొట్టేయనక్కరలేదు గాని కారణం వెతకడం మొదలు పెట్టాలి. ఏప్రిల్, మే నెలల్లో షేకర్ గదిలో ఏసీ లేకపోతే చుక్కలు ఇలా మెల్లగా పైకి ఎక్కడం చూడవచ్చు. 25 డిగ్రీల దగ్గర ఊపవలసిన సీసాలు 36 డిగ్రీల దగ్గర ఊగితే ఎక్కువ జింకు కరుగుతుంది, బ్లాంకులు మాత్రం కదలవు. బ్లాంకు నిలకడగా ఉండి రిఫరెన్స్ మట్టి ఎక్కుతూ ఉందంటే కలుషితాన్ని వదిలి ఉష్ణోగ్రత, సమయం, పీహెచ్ చూడండి.

రిఫరెన్స్ మట్టి పరిమితి దాటినప్పుడు దానిని ఒక్కదానినే మళ్లీ నడిపి, సరైన అంకె రాగానే బ్యాచ్‌ను పంపేయడం పూర్తిగా తప్పు. ఆ సీసాకు ఏమి జరిగిందో మిగిలిన ఇరవై సీసాలకూ అదే జరిగి ఉండవచ్చు. మళ్లీ నడపాల్సింది బ్యాచ్ మొత్తాన్ని.

మీ సొంత సగటు మీ ప్రయోగశాల నిలకడను చెబుతుందే తప్ప, అది ఇతరులతో కలుస్తుందో లేదో చెప్పదు. దానికోసం నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్ నుంచి నడిచే వెపాల్ వంటి పోలిక పరీక్షల్లో పాల్గొనాలి. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2017లో ప్రారంభించిన గ్లోసొలాన్ అనే మట్టి ప్రయోగశాలల కూటమి కూడా ఇలాంటి పోలికలు నిర్వహిస్తుంది. అక్కడ మీ అంకె అందరి విలువకు ఎంత దూరంలో ఉందో జెడ్ స్కోరు చెబుతుంది; అది 2 లోపల ఉంటే సరిపోయినట్లు, 3 దాటితే మీ పద్ధతిలో ఎక్కడో పక్షపాతం ఉన్నట్లు.

గుర్తింపు పరిమితిని లెక్కించడం

యంత్రం తయారీదారు పుస్తకంలో ఇచ్చిన గుర్తింపు పరిమితి శుభ్రమైన పలుచని ఆమ్లంలో, సరికొత్త దీపంతో వచ్చినది. మీకు కావలసింది మీ సీసాలు, మీ కాగితం, మీ గది కలిసిన పద్ధతి పరిమితి. పైన చెప్పిన పది బ్లాంకులను ఎక్సెల్‌లో బీ2 నుంచి బీ11 వరకు గడుల్లో వేస్తే ఈ మూడు సూత్రాలు చాలు. చివరి రెండింటిలోని 2 ద్రావణం నుంచి మట్టికి మార్చే గుణకం:

```
=AVERAGE(B2:B11)
=3*STDEV.S(B2:B11)*2
=10*STDEV.S(B2:B11)*2
```

మొదటిది సగటు బ్లాంకు, 0.015. రెండవది గుర్తింపు పరిమితి, 0.020 పీపీఎం. మూడవది అంకెగా రాయదగిన కనిష్ఠ స్థాయి, అంటే పరిమాణ నిర్ణయ పరిమితి, 0.067 పీపీఎం. అయితే బ్లాంకులో మట్టి లేనందున ఈ లెక్క కొంత ఆశావహంగా ఉంటుంది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ పద్ధతిలో తక్కువ మోతాదున్న నమూనాలు కనీసం ఏడు తీసుకుని, సరిగ్గా ఏడే అయితే వాటి విచలనాన్ని 3.143తో గుణిస్తారు. ఆ ఏడింటి కోసం మట్టిలోకి జింకు ద్రావణం చుక్కలు వేయవద్దు. మట్టి దానిని కొంత పట్టేసుకుంటుంది, అప్పుడు తిరిగి రాని జింకు పద్ధతి లోపంలా కనిపిస్తుంది. సహజంగానే జింకు చాలా తక్కువగా ఉన్న ఇసుక నేల మట్టిని వాడండి. అలాంటి మట్టి ఏడు తూనికల విచలనం 0.012 పీపీఎం వచ్చిందనుకుంటే గుర్తింపు పరిమితి 0.038 అవుతుంది, పదింతల లెక్కన పరిమాణ నిర్ణయ పరిమితి 0.12 అవుతుంది. రెండు దారుల్లో వచ్చిన వాటిలో పెద్దదాన్నే వాడాలి.

0.12 అనేది 0.6 గీతకు ఐదో వంతు. కనుక ఈ పద్ధతి ఆ గీత దగ్గర నిర్ణయానికి పనికి వస్తుందని ధైర్యంగా చెప్పవచ్చు. ఏదైనా రోజున బ్లాంకుల విచలనం పెరిగి ఈ పరిమితి 0.4కో 0.5కో చేరితే, సగటు బ్లాంకును ఎంత జాగ్రత్తగా తీసివేసినా ప్రయోజనం ఉండదు. తీసివేత సగటును సరిచేస్తుంది గాని చెదురును సరిచేయలేదు. అసలు చూడవలసింది బ్లాంకు ఎంత ఉందన్నది కంటే ఎంత ఊగుతోందన్నది.

నివేదికలో 0.038 కంటే తక్కువ వచ్చిన చోట సున్నా రాయకండి, "0.04 కంటే తక్కువ" అని రాయండి. 0.04కూ 0.12కూ మధ్య వచ్చినవాటికి జింకు ఉందని తెలుసు గాని అంకె గట్టిది కాదని గుర్తు పెట్టండి. మండల సగటు లెక్కించేవారికి మాత్రం అసలు అంకెలను విడిగా ఇవ్వడం మంచిది, ఎందుకంటే తక్కువ వాటన్నిటినీ సున్నాగా మారిస్తే సగటు కిందికి జారుతుంది.

ఒక బ్యాచ్‌ను చదవడం

ఇప్పుడు ఒక రోజు అంకెలను కలిపి చూద్దాం. మొదటి బ్లాంకు 0.021, చివరి బ్లాంకు 0.094 వచ్చాయి. తక్కువ జింకు రిఫరెన్స్ మట్టికి యంత్రం 0.290 చూపించింది. ఏడవ నమూనాకు 0.261, దాని డూప్లికేటుకు 0.371 వచ్చాయి. రెండవ డూప్లికేటు జత చక్కగా కలిసింది.

రెండు బ్లాంకుల సగటు 0.0575 తీసివేసి ముందుకు పోదామన్న ఆలోచన వెంటనే వస్తుంది. అలా చేస్తే రిఫరెన్స్ మట్టి 0.47కు పడిపోతుంది, హెచ్చరిక పరిమితి కిందికి వెళుతుంది. 0.021 మాత్రమే తీసివేస్తే 0.54 వస్తుంది, అది దాని నిజమైన విలువ. అంటే రిఫరెన్స్ మట్టి ఉన్న సీసాలోకి అదనపు జింకు చేరలేదు. ద్రావణం, పీహెచ్, ఉష్ణోగ్రత, యంత్రం అన్నీ సవ్యంగా ఉన్నాయి. ఏడవ నమూనా అదే తీసివేతతో 0.48, డూప్లికేటు 0.70. తేడా 0.22, ఒప్పుకోగల 0.098కు రెండింతలకు పైన. వీటి సగటు 0.59ని లోపంగా రాయడం ఎంతమాత్రం సరికాదు, ఎందుకంటే ఆ మట్టిలో 0.59 ఉన్నట్లు ఏ సీసా చెప్పలేదు.

చివరి బ్లాంకులో మామూలు కంటే అదనంగా ఉన్నది లీటరుకు 0.079 మిల్లీగ్రాములు, మట్టి లెక్కలో 0.16 పీపీఎం. డూప్లికేటులో అదనం 0.22. రెండూ ఒకే స్థాయిలో ఉన్నాయి, రెండూ బ్యాచ్ చివరి సీసాల్లోనే ఉన్నాయి. కాబట్టి ఇది అన్ని సీసాలకూ సమానంగా చేరిన కలుషితం కాదు, కొన్ని సీసాలకే చేరినది. అలాంటి చోట వెతకవలసింది ఆ సీసాలకు మాత్రమే ఉండి మిగిలిన వాటికి లేనిది ఏమిటని. ప్లాస్టిక్ మూతలు చాలక చివరి కొన్ని సీసాలకు రబ్బరు బిరడాలు పెట్టి ఉంటే సరిగ్గా ఇలాంటి అంకెలే వస్తాయి. దారిని ముక్కలు చేసే పరీక్ష నడిపితే ప్లాస్టిక్ మూత సీసాలో 0.004, రబ్బరు బిరడా సీసాలో 0.085 రావడం ఆ అనుమానాన్ని నిర్ధారిస్తుంది.

ఏయే నమూనాలకు ఏ మూత పెట్టారో ఎవరూ రాసి ఉంచకపోతే మంచి సీసాలను ఏరుకునే దారి లేదు, ఇరవై నమూనాలూ మళ్లీ తూచాలి. రెండవసారి ఏడవ నమూనా 0.47, 0.49 వస్తే అది స్పష్టంగా లోపమున్న నేల; మొదటిసారి 0.70 మీద ఆధారపడి ఉంటే ఆ రైతుకు జింకు అక్కరలేదని చెప్పి ఉండేవారు. మొదటి బ్యాచ్ అంకెలను చెరిపేయవద్దు. ఒక అడ్డగీత కొట్టి, కొట్టేసిన కారణం, తేదీ, సంతకం పక్కన రాయండి, రిఫరెన్స్ పటంలో ఆ చుక్కను అలాగే ఉంచండి. బ్యాచ్ పత్రంలో సీసా నంబరు పక్కన మూత రకానికి, కాగితం పెట్టె నంబరుకు, ద్రావణం కలిపిన తేదీకి, షేకర్ గది ఉష్ణోగ్రతకు ఒక్కొక్క గడి కేటాయించండి.